అమెరికా చిన్న వ్యాపారాల్లో ఓవర్‌టైమ్ జీతం, కాంప్ ఆఫ్

అమెరికాలో గంటల లెక్కన జీతం తీసుకునే ఉద్యోగి ఒక వారంలో 40 గంటలు దాటి పనిచేస్తే, దాటిన ప్రతి గంటకూ మామూలు రేటుకు కనీసం ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. ఈ అదనపు జీతమే ఓవర్‌టైమ్. దీనికి మూలం 1938లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్. డబ్బుకు బదులు మరో రోజు సెలవిచ్చి ఆ బాకీ తీర్చే పద్ధతి కాంపెన్సేటరీ టైమ్ ఆఫ్. మన ఆఫీసుల్లో దీన్నే కాంప్ ఆఫ్ అంటారు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఆదివారం ఆఫీసుకొచ్చినవాడు బుధవారం సెలవు తీసుకోవడం ఎవరికీ వింతగా తోచదు. అదే అలవాటుతో డాలస్ పక్కన ఇర్వింగ్‌లోనో, ఫ్రిస్కోలోనో రెస్టారెంటు తెరిచిన తెలుగు యజమాని “ఈ వారం పది గంటలు ఎక్కువ చేశావు కదా, వచ్చే వారం పది గంటలు తగ్గించుకో” అంటే చాలాసార్లు చట్టాన్ని మీరినట్టే. ఆయన దురుద్దేశంతో అనడు, పనివాడూ సంతోషంగానే ఒప్పుకుంటాడు. అయినా బాకీ మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

చట్టం ఎందుకు వచ్చింది

మహామాంద్యం రోజుల్లో కొందరికి రోజంతా పని ఉంటే, కోటి మందికి పైగా అసలు పనే లేదు. ఉన్న పనిని పదిమందికి పంచాలన్న ఆలోచన అప్పటిది. సెనేటర్ హ్యూగో బ్లాక్ తెచ్చిన ముప్పై గంటల వారం బిల్లు 1933లో సెనేట్‌లో నెగ్గింది కానీ చట్టం కాలేదు. తర్వాత లేబర్ సెక్రటరీ ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పట్టుబట్టి నడిపించిన బిల్లు మీద 1938 జూన్ 25న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. మొదట వారానికి 44 గంటలు, మరుసటి ఏడాది 42, 1940 అక్టోబరు నుంచి 40.

ఓవర్‌టైమ్‌ను పనివాడికి ఇచ్చే బహుమతిగా చూస్తే ఈ చట్టం సగమే అర్థమవుతుంది. యజమానికి అది ఒక రకం జరిమానా. ఒకరి చేతే 60 గంటలు చేయించుకోవడం కన్నా మరొకర్ని పెట్టుకోవడమే చవక అనిపించేలా లెక్క కట్టారు. ఆ అదనపు సగం మాఫీ చేసే ఏ ఒప్పందాన్నీ చట్టం ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. పనివాడు తన హక్కును రాతపూర్వకంగా వదులుకున్నా ఆ కాగితం చెల్లదని సుప్రీంకోర్టు 1945లో బ్రూక్లిన్ సేవింగ్స్ బ్యాంక్ కేసులో చెప్పింది.

భారతదేశం ఇదే అవసరానికి వేరే దారి పట్టింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు లేదా వారానికి 48 దాటితే రెట్టింపు జీతం ఇమ్మంది. వారపు సెలవు పోయినవాడికి ఆ నెలలోగానీ తర్వాతి రెండు నెలల్లోగానీ అన్ని సెలవులు తిరిగి ఇమ్మని కూడా చెప్పింది. కాంప్ ఆఫ్ మన బుర్రల్లో అంత సహజంగా నాటుకోవడానికి ఈ నేపథ్యం కొంత కారణం. అమెరికా కేంద్ర చట్టంలో ఆదివారానికి గానీ పండుగకు గానీ ప్రత్యేకత లేదు. థాంక్స్‌గివింగ్ నాడు పనిచేసినా ఆ వారం మొత్తం 38 గంటలే అయితే ఓవర్‌టైమ్ రాదు. జీతంతో కూడిన సెలవు గంటలు కూడా ఆ 40లోకి చేరవు. నిజంగా పనిచేసిన గంటలనే లెక్కలోకి తీసుకుంటారు.

చిన్న వ్యాపారానికి మినహాయింపు ఉందా

“మాది చిన్న కొట్టు, మాకు వర్తించదు” అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఏడాది అమ్మకాలు 5 లక్షల డాలర్లు దాటిన వ్యాపారం సాధారణంగా మొత్తంగా చట్టం కిందికి వస్తుంది. ఓ మోస్తరుగా నడిచే రెస్టారెంటు ఆ గీతను సులువుగానే దాటుతుంది. దాటకపోయినా, రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారంలో పాలుపంచుకునే ఉద్యోగికి విడిగా రక్షణ ఉంటుంది. వేరే రాష్ట్రం నుంచి సరుకు తెప్పించడం, క్రెడిట్ కార్డు లావాదేవీలు చూడడం లాంటి పనులు అతన్ని ఆ పరిధిలోకి తేగలవు. యజమాని, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు తప్ప వేరే పనివాళ్లు లేని కొట్టుకు మాత్రం నిజమైన వెసులుబాటు ఉంది. బయటివాడిని ఒక్కణ్ని రోజువారీ పనిలో పెట్టుకున్నా పరిస్థితి మారిపోతుంది. అతని వీసా ఏమిటి, జీతం చెక్కుగా ఇచ్చారా నగదుగా ఇచ్చారా అన్నవి ఓవర్‌టైమ్ బాకీని తగ్గించవు.

వారం అంటే ఏది

లెక్కంతా వర్క్‌వీక్ మీద నిలబడుతుంది. వర్క్‌వీక్ అంటే వరుసగా 168 గంటలు, అంటే ఏడు రోజులు. అది సోమవారం ఉదయం మొదలవ్వాలా, శుక్రవారం రాత్రి మొదలవ్వాలా అన్నది యజమాని ఇష్టం. కానీ ఒకసారి నిర్ణయించాక ఓవర్‌టైమ్ తప్పించుకోవడానికి అటూ ఇటూ జరపకూడదు. జీతం రెండు వారాలకోసారి ఇచ్చినా ఓవర్‌టైమ్ మాత్రం ఏ వారానికావారమే. మొదటి వారం 50, రెండో వారం 30 చేసినవాడు సగటున 40 చేశాడు కదా అంటే కుదరదు. మొదటి వారంలోని 10 గంటలకు ఓవర్‌టైమ్ రావాల్సిందే.

గంటలు లెక్కించడంలోనూ కొన్ని చిక్కులున్నాయి. 5 నుంచి 20 నిమిషాల టీ విరామం పని సమయమే. పూర్తిగా పని వదిలేసి తినే అరగంట భోజన విరామాన్ని తీసేయవచ్చు. కానీ తింటూనే ఫోన్ ఆర్డర్లు రాసుకుంటే అది విరామం కాదు. “చెప్పకుండా ఆగిపోయాడు, నేనేం ఓవర్‌టైమ్ చేయమనలేదు” అన్న వాదన నిలవదు. పని జరుగుతోందని తెలిసి ఆపకపోతే ఒప్పుకున్నట్టే. మాట విననివాణ్ని మందలించవచ్చు, పంపించేయవచ్చు. చేసిన పనికి డబ్బు మాత్రం ఎగ్గొట్టకూడదు.

తెలుగు వ్యాపారుల్లో కొందరికి ఎదురయ్యే మరో చిక్కు రెండు ఎల్‌ఎల్‌సీలది. ఒకే యజమానికి రెండు కొట్లు, రెండు కంపెనీల పేర్లు ఉంటాయి. ఒకే పనివాడు ఇక్కడ 30 గంటలు, అక్కడ 20 గంటలు చేసి రెండు చెక్కులు తీసుకుంటాడు. ఏ చెక్కు మీదా 40 దాటదు. కానీ రెండింటి యాజమాన్యం, అజమాయిషీ ఒకరివే అయితే గంటలు కలుపుతారు. అప్పుడు అతనికి 10 గంటల ఓవర్‌టైమ్ బాకీ తేలుతుంది. ఒకే రోజు ఒక కొట్టు నుంచి మరో కొట్టుకు పని మీద వెళ్లే ప్రయాణం కూడా పని గంటే.

ఒకటిన్నర దేనికి

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. ఒకటిన్నర రెట్లు కట్టాల్సింది రెగ్యులర్ రేటు మీద. అది ఉద్యోగంలో చేరేటప్పుడు అనుకున్న గంట రేటే కావాలని లేదు. ఆ వారం పనికి వచ్చిన మొత్తం జీతాన్ని, ఆ వారం పనిచేసిన మొత్తం గంటలతో భాగిస్తే వచ్చేదే రెగ్యులర్ రేటు. ఒకే రేటుకు పనిచేసి, బోనసు లాంటివేమీ లేనప్పుడు రెండూ ఒకటే అవుతాయి. చిన్న వ్యాపారంలో అలా ఉండేది తక్కువ.

ఇర్వింగ్‌లోని ఒక ఊహాజనిత రెస్టారెంటు తీసుకుందాం. టెక్సస్‌లో ప్రైవేటు యజమానులకు రాష్ట్రానికంటూ వేరే ఓవర్‌టైమ్ నియమం లేదు కాబట్టి కేంద్ర చట్టం ఒక్కటే చూస్తే చాలు. అక్కడి వంటవాడికి కిచెన్‌లో గంటకు 18 డాలర్లు, కౌంటర్‌లో నిలబడితే 14. ఒక వారం కిచెన్‌లో 38 గంటలు, కౌంటర్‌లో 12 గంటలు, మొత్తం 50 గంటలు చేశాడు. వారమంతా ఒక్క షిఫ్టూ మానకుండా వస్తే 50 డాలర్ల బోనసు ఇస్తానని యజమాని ముందే చెప్పాడు, అదీ సంపాదించాడు.

```
కిచెన్        38 × 18.00 = 684.00
కౌంటర్       12 × 14.00 = 168.00
బోనసు                     =  50.00
మొత్తం                    = 902.00
రెగ్యులర్ రేటు  902 ÷ 50  =  18.04
అందులో సగం              =   9.02
ఓవర్‌టైమ్ అదనం 10 × 9.02 =  90.20
ఆ వారం జీతం              = 992.20
```

సగమే ఎందుకు కలిపామన్న సందేహం పనివాడికి తప్పక వస్తుంది. జవాబు ఆ లెక్కలోనే ఉంది. 50 గంటలకూ మామూలు జీతం 902లో వచ్చేసింది. ఓవర్‌టైమ్ అయిన పది గంటలకు ఒక వంతు అప్పటికే అందింది. మిగిలింది అర వంతు. దాన్నే విడిగా కలిపాం. చివరి పది గంటలు కౌంటర్‌లోనే చేశాడు కాబట్టి 14కు ఒకటిన్నర, అంటే 21 ఇస్తే సరిపోతుంది అనుకునే యజమానులూ ఉన్నారు. ఏ పనిలో ఓవర్‌టైమ్ పడిందో ఆ రేటు మీదే కట్టే పద్ధతి ఉంది. కాకపోతే ఆ పని మొదలుకాక ముందే ఉద్యోగితో ఒప్పందం ఉండాలి. వారం అయ్యాక ఏది తక్కువైతే అది ఎంచుకోవడం కుదరదు.

బోనసు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ముందే మాటిచ్చిన బోనసు, అంటే హాజరుకు, అమ్మకాలకు, పని వేగానికి ముడిపెట్టినది, రెగ్యులర్ రేటులో కలవాలి. దీపావళికి యజమాని తన ఇష్టం కొద్దీ, పని గంటలతో సంబంధం లేకుండా చేతిలో పెట్టే కానుక కలవదు. ఫలానా లెక్కన ఇంత వస్తుందని పనివాడు ముందే అనుకునే వీలుందా లేదా అన్నదే ఇక్కడ గీత. వంటవాళ్లకు జీతంలో భాగంగా ఇల్లు ఇచ్చే చోట ఆ వసతి విలువ కూడా రెగ్యులర్ రేటులోకి చేరుతుంది. దీన్ని చాలామంది మరిచిపోతారు.

టిప్పుల మీద బతికే సర్వర్ లెక్క ఇంకోలా ఉంటుంది. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో సర్వర్‌కు యజమాని 2.13 మాత్రమే ఇచ్చి, మిగతా 5.12 టిప్పుల నుంచి వచ్చినట్టు చూపుకోవచ్చు. ఓవర్‌టైమ్ గంటకు 2.13ను ఒకటిన్నరతో హెచ్చించి 3.20 ఇవ్వడం సర్వసాధారణమైన తప్పు. హెచ్చించాల్సింది 7.25ను. అది 10.875 అవుతుంది. అందులోంచి అదే 5.12 తీసేస్తే దాదాపు 5.76 డాలర్లు యజమాని ఇవ్వాల్సింది.

కాంప్ ఆఫ్ ఎవరికి చెల్లుతుంది

అమెరికాలో కాంప్ టైమ్ లేకపోలేదు. అది ప్రభుత్వ ఉద్యోగులది. 1985 ఫిబ్రవరిలో గార్సియా కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకూ ఓవర్‌టైమ్ చట్టం వర్తిస్తుందని తేల్చింది. బడ్జెట్లు తలకిందులవుతాయని నగరాలు గోల పెట్టాయి. అదే ఏడాది కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, డబ్బుకు బదులు సెలవు గంటలు జమ చేసుకునే వీలు వాటికి కల్పించింది. అక్కడా ఒక ఓవర్‌టైమ్ గంటకు ఒకటిన్నర గంటల సెలవు ఇవ్వాలి. ఉద్యోగితో ముందే ఒప్పందం ఉండాలి. మామూలుగా 240 గంటలకు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది లాంటివాళ్లకు 480 గంటలకు మించి పోగుపడకూడదు. హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీ తన డిప్యూటీ షెరీఫ్‌లను జమైన సెలవు వాడుకోమని బలవంతపెట్టవచ్చా అన్న వివాదం 2000లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కౌంటీయే గెలిచింది.

ఈ వెసులుబాటును ప్రైవేటు రంగానికి విస్తరించాలని వర్కింగ్ ఫ్యామిలీస్ ఫ్లెక్సిబిలిటీ యాక్ట్ పేరుతో బిల్లులు వచ్చాయి. 2013లో, 2017లో ప్రతినిధుల సభ ఆమోదించింది కూడా. చట్టం మాత్రం కాలేదు. కాబట్టి ఇర్వింగ్ రెస్టారెంటులో గోడ మీద రాసి పెట్టుకున్న కాంప్ ఆఫ్ ఖాతా, ఎంత నిజాయితీగా నడిపినా, చట్టం దృష్టిలో చెల్లించని జీతాల చిట్టానే.

రెండు వారాల జీతంలో ఒక దారి

అయితే పనివాడికి విశ్రాంతి, యజమానికి ఖర్చు అదుపు రెండూ దొరికే చిన్న కిటుకు ఒకటుంది. కార్మిక శాఖ దీన్ని టైమ్ ఆఫ్ ప్లాన్ అంటుంది. జీతం రెండు వారాలకోసారి ఇచ్చే చోట, మొదటి వారంలో చేసిన ఓవర్‌టైమ్‌కు బదులుగా రెండో వారంలో గంటలు తగ్గిస్తారు. ఓవర్‌టైమ్ డబ్బు మాత్రం పూర్తిగా చెల్లిస్తారు.

గంటకు 16 డాలర్ల మీద, మామూలుగా రెండు వారాలకు 80 గంటలు చేసి 1,280 డాలర్లు తీసుకునే క్యాషియర్‌ను చూద్దాం. మొదటి వారం 46 గంటలు చేసింది. 40 గంటలకు 640, ఆరు గంటలకు 24 చొప్పున 144, మొత్తం 784. రెండో వారం ఆమెకు 6 గంటలు కాదు, 9 గంటలు సెలవివ్వాలి. ఆరుకు ఒకటిన్నర రెట్లు తొమ్మిది కదా. 31 గంటలకు 496. రెండూ కలిపితే సరిగ్గా 1,280. యజమాని జేబులోంచి అదనంగా ఏమీ పోలేదు, ఆమెకు ఓవర్‌టైమ్ అందింది, విశ్రాంతీ దొరికింది.

ఎక్కువమంది చేసేది గంటకు గంట. ఆరు గంటలు ఎక్కువ చేసింది కాబట్టి ఆరు గంటలు తగ్గించి, 80 గంటలకు 1,280 ఇచ్చేస్తారు. నిజానికి 784, 34 గంటలకు 544 కలిపి 1,328 రావాలి. 48 డాలర్లు తక్కువ. ఈ తేడా ఒక్కసారికి చిన్నదే. ఏడాదిలో ఇరవైసార్లు, ఆరుగురు పనివాళ్లకు జరిగితే 5,760 డాలర్లవుతుంది.

ఈ దారికి హద్దులున్నాయి. సెలవు అదే జీతం కాలంలో పడాలి, తర్వాతి నెలకు దాచుకోకూడదు. ఓవర్‌టైమ్ రెండో వారంలో వస్తే ఇక తగ్గించడానికి వారం మిగలదు. వారం వారం జీతమిచ్చే చోట ఇది అసలు పనిచేయదు. ఒకే వారంలో సర్దుకోవడం మాత్రం కేంద్ర చట్టం ప్రకారం ఎప్పుడూ తప్పు కాదు. సోమవారం 11 గంటలు చేసినవాణ్ని శుక్రవారం మూడు గంటలు ముందే పంపేస్తే వారం 40 దాటదు, ఓవర్‌టైమే పుట్టదు.

కాలిఫోర్నియాలో ఈ చివరి మాట చెల్లదు. అక్కడ రోజుకు 8 గంటలు దాటినా చాలు ఒకటిన్నర, 12 దాటితే రెట్టింపు. వర్క్‌వీక్‌లో వరుసగా ఏడో రోజు కూడా పనిచేస్తే మొదటి 8 గంటలకు ఒకటిన్నర, ఆపైన రెట్టింపు. శాన్ హోసేలో ఒక రోజు 10 గంటలు, మిగతా నాలుగు రోజులు ఏడేసి గంటలు చేసినవాడికి వారం 38 గంటలే అయినా 2 గంటల ఓవర్‌టైమ్ వస్తుంది. సొంత పని మీద సెలవడిగిన ఉద్యోగి రాతపూర్వకంగా కోరితే, అదే వారంలో మరో రోజు ఆ గంటలు పూరించుకునే వీలు అక్కడి చట్టం ఇస్తుంది. అప్పుడు రోజుకు 11, వారానికి 40 గంటల వరకు ఓవర్‌టైమ్ పడదు. అడగమని యజమాని ప్రోత్సహించకూడదు. కొలరాడోలోనూ రోజుకు 12 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఉంది. కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం రెండూ వర్తించే చోట ఉద్యోగికి ఏది మేలైతే అది ఇవ్వాలి.

లెక్క తప్పిందని ఎలా తెలుస్తుంది

జీతం స్లిప్పులో రెండు వారాల గంటలు కలిపి ఒకే అంకెగా కనిపిస్తే అనుమానించాలి. అదీ ప్రతిసారీ కచ్చితంగా 80 అని ఉంటే మరీను. చెక్కు మీద 40 గంటలు, పైన చేసినవాటికి అదే రేటున నగదు అన్నది మరో గుర్తు. ఎవరు తిన్నా తినకపోయినా సాఫ్ట్‌వేర్ దానంతటదే రోజూ అరగంట కోసేయడం ఇంకొకటి.

వేతన రికార్డులను మూడేళ్లు, టైమ్ కార్డులను రెండేళ్లు దాచాలి. రికార్డులు లేకపోతే యజమానికే నష్టం. 1946లో మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, యజమాని దగ్గర సరైన లెక్క లేనప్పుడు ఉద్యోగి నమ్మదగిన అంచనా చూపితే చాలు. అది తప్పని నిరూపించుకోవాల్సిన భారం యజమానిదే. పనివాడు క్యాలెండర్ మీద రాసుకున్న వచ్చిన వేళ, వెళ్లిన వేళ అప్పుడు గట్టి సాక్ష్యమవుతుంది. బాకీ రెండేళ్ల వెనక్కి, తెలిసి చేసినట్టు తేలితే మూడేళ్ల వెనక్కి వసూలవుతుంది. దాని మీద అంతే మొత్తం నష్టపరిహారం కింద కలిసే అవకాశం ఎక్కువ. అంటే పైన చెప్పిన 5,760 ఒక్క ఏడాదికే 11,520 కావచ్చు. పైగా ఉద్యోగి గెలిస్తే అతని వకీలు ఫీజు కూడా యజమాని నెత్తినే పడుతుంది.

తప్పు తనకే ముందుగా తెలిసిన యజమాని చేయాల్సిన పని వారాలవారీగా పాత టైమ్ కార్డులు తిరగేసి, ఒక్కో వారానికి పై పద్ధతిలో లెక్క కట్టి, తేడా జీతంగానే పేరోల్ ద్వారా చెల్లించడం. మిగిలిన కాంప్ ఆఫ్ గంటలను ఇంకా సెలవుగా వాడుకోమంటే బాకీ తీరదు.

స్లిప్పులో అదనపు సగాన్ని విడి వరుసగా చూపడానికి ఇప్పుడు మరో కారణమూ ఉంది. 2025 జులై 4న వచ్చిన పన్ను చట్టం 2025 నుంచి 2028 వరకు ఓవర్‌టైమ్ మీద ఆదాయ పన్ను మినహాయింపు ఇచ్చింది. గరిష్ఠం ఒక్కరికి 12,500 డాలర్లు, భార్యాభర్తలు ఉమ్మడిగా రిటర్ను వేస్తే 25,000. ఆదాయం 1,50,000 డాలర్లు, ఉమ్మడి రిటర్నులో 3,00,000 దాటితే మినహాయింపు తగ్గుతూ పోతుంది. ఓవర్‌టైమ్ జీతమంతటికీ ఇది రాదు, మామూలు రేటుకు పైనున్న భాగానికే వస్తుంది. అదీ కేంద్ర చట్టం తప్పనిసరి చేసిన ఓవర్‌టైమ్‌కు మాత్రమే. మన క్యాషియర్‌కు ఆరు గంటలకు 144 వచ్చినా లెక్కలోకి వచ్చేది 48. వంటవాడి 992.20లో 90.20. కాలిఫోర్నియాలో వారం 38 గంటలే చేసి రోజువారీ ఓవర్‌టైమ్ అందుకున్నవాడికి ఏమీ రాదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మాత్రం అందరికీ మొత్తం జీతం మీద ఎప్పటిలాగే కోస్తారు.